అమ్మినవాళ్లే ఎగబడి కొంటే...

మాది కూచిపూడి అనగానే ఎవరైనా ముందు అడిగేది "మీకు డాన్స్ వచ్చా?" అని. రాదండీ. నాకు వచ్చింది లెక్కలు మాత్రమే. అందుకే మా ఊళ్లో కుర్రాళ్లు ఫోన్లో అంకెలు ఎర్రగా మారినప్పుడు నా దగ్గరికి వస్తారు. ఆకుపచ్చగా ఉన్నప్పుడు మాత్రం ఒక్కడూ కనబడడు.

పోయిన నెల అలాగే మా వీధి కుర్రాడు ఒకడు వచ్చాడు. బీటెక్ మూడో సంవత్సరం. రోజూ పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా విజయవాడ బస్సులో వెళ్లొస్తాడు. ఆ బస్సులోనే ట్రేడింగ్ నేర్చుకున్నాడట. అరుగు మీద కూర్చుని, చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాడు.

"బాబాయ్, నేను షేర్లు కొనలేదు, అమ్మాను. అవి కూడా నా దగ్గర లేనివి. రేటు పెరిగింది. నేను పెట్టిన డబ్బంతా పోయింది, పైగా నేనే ఇంకా కట్టాలంటున్నారు. కొనకుండానే అప్పు ఎలా పడింది?"

మంచి ప్రశ్న. ఈ వారం కాలమ్ దాని గురించే. వాడికి తగిలిన దెబ్బ చిన్నది. కానీ అదే దెబ్బ 2021 జనవరిలో అమెరికాలో వేల కోట్ల డాలర్ల ఫండ్లకు తగిలింది. దాని పేరు షార్ట్ స్క్వీజ్.

ముందు వాడి లెక్క

కంపెనీ పేరు మనకొద్దు. ముందురోజు ముగింపు ధర 100 రూపాయలు. ఆ రోజు పొద్దున్నే 108కి ఎగిరింది. "కారణం లేకుండా పెరిగింది, సాయంత్రానికి పడుతుంది" అనుకున్నాడు మనవాడు. ఇంట్రాడేలో 400 షేర్లు 108 చొప్పున అమ్మాడు. అంటే 43,200 రూపాయల అమ్మకం. కానీ ఇంట్రాడే కాబట్టి ఐదో వంతు మార్జిన్ చాలు. వాడి జేబులోంచి పెట్టింది 8,640 మాత్రమే.

ఇలా లేని షేరు ముందు అమ్మి, తర్వాత చవగ్గా కొని లెక్క సరిచేయడాన్ని షార్ట్ చేయడం అంటారు. 108కి అమ్మింది 103కి కొంటే షేరుకి 5 రూపాయలు మిగులు. మన దేశంలో మామూలు మదుపరి క్యాష్ మార్కెట్లో ఇలా చేస్తే అదే రోజు మార్కెట్ మూసేలోగా తిరిగి కొనేయాలి. దాన్నే కవర్ చేయడం అంటారు.

మధ్యాహ్నం రెండింటికి ఆ షేరు 120కి చేరింది. ముందురోజు ధర మీద 20 శాతం. ఆ షేరుకి ఆ రోజుకి అదే పైహద్దు, అప్పర్ సర్క్యూట్. అంతకంటే ఎక్కువకి ఎవరూ బేరం పెట్టకూడదు. కొంటామని లక్షల షేర్ల ఆర్డర్లు క్యూలో ఉన్నాయి. అమ్మేవాళ్ల వైపు చూస్తే సున్నా. మనవాడు 'బై' నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. మూడుంబావు దాటాక యాప్ తనంతట తనే కొనడానికి ప్రయత్నించింది. దానికీ దొరకలేదు. అమ్మేవాడే లేనప్పుడు ఎవరి దగ్గర కొంటారు?

అప్పుడు ఏం జరుగుతుందో వాడికి తెలియదు. మీలో చాలామందికి కూడా తెలియకపోవచ్చు. వాడి దగ్గర కొన్నవాళ్లకి మర్నాడు షేర్లు అందాలి. వాడి దగ్గర లేవు. కాబట్టి ఎక్స్ఛేంజ్ వాడి తరఫున ఆక్షన్ పెట్టి, వేరేవాళ్ల దగ్గర ఆ షేర్లు కొని, కొన్నవాళ్లకి ఇచ్చేస్తుంది. బిల్లు మాత్రం మనవాడిది. ఆక్షన్లో షేరు 138కి దొరికింది. 108కి అమ్మి 138కి కొన్నట్టయింది. షేరుకి 30 చొప్పున 400 షేర్లకి 12,000 నష్టం. పైన ఛార్జీలు వేరు. పెట్టింది 8,640. అందుకే "నేనే ఇంకా కట్టాలంటున్నారు" అన్నాడు.

ఇంకా ఘోరం కూడా జరిగి ఉండేది. ఆక్షన్లో కూడా ఎవరూ అమ్మకపోతే క్లోజౌట్ చేస్తారు. అమ్మిన రోజు నుంచి ఆక్షన్ రోజు దాకా పలికిన అత్యధిక ధర ఒకటి, ఆక్షన్ రోజు ముగింపు ధర మీద 20 శాతం కలిపిన ధర ఇంకొకటి. ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది. మర్నాడు కూడా ఆ షేరు 20 శాతం పెరిగి 144 దగ్గర ముగిసిందనుకోండి. దాని మీద ఇంకో 20 శాతం అంటే 172.80. నష్టం దాదాపు 26,000. 8,640 పెట్టినవాడికి!

ఆ 8,640 వాడి సెమిస్టర్ ఫీజులోది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

వడ్ల బస్తాల లెక్క

వాడికి నేను ఇలా చెప్పాను. మన డెల్టాలో పుట్టినవాడికి బస్తాల భాష అర్థం కాకుండా ఉండదు కదా.

కోతలకు నెల ముందు బస్తా 1,700 పలుకుతోందనుకో. కోతలయ్యాక ధర పడుతుందని నీ అంచనా. పక్కింటి రైతు దగ్గర పది బస్తాలు అప్పు తీసుకున్నావు. డబ్బు అప్పు కాదు, వడ్ల అప్పు. ఆయనకి మళ్లీ పది బస్తాలే ఇవ్వాలి. నువ్వు ఆ పది అమ్మేసి 17,000 చేతిలో పెట్టుకున్నావు. కోతలయ్యాక బస్తా 1,400 అయితే 14,000 పెట్టి పది కొని ఆయనకి పడేస్తావు. 3,000 మిగులు.

ఈలోగా తుఫాను వచ్చి, పొలాల్లో పనలు తడిసిపోయి, ఎండు వడ్లు దొరకడం కష్టమై బస్తా 2,200 అయితే? 22,000 పెట్టి కొనాలి. 5,000 నష్టం. బాకీ మాత్రం మారలేదు, పది బస్తాలే. బస్తా ధర ఎంత దూరం పోతే నీ నష్టం అంత దూరం పోతుంది. కొన్నవాడి నష్టానికి అడుగు ఉంటుంది, ధర సున్నా అయితే పెట్టింది పోతుంది, అంతే. అమ్మినవాడి నష్టానికి పైకప్పు లేదు.

ఇక్కడి వరకు ఇది ఒక్కడి కష్టం. ఇప్పుడు ఊరంతా ఇదే పని చేసిందనుకో. ఊళ్లో అమ్మకానికి తిరిగే బస్తాలు మొత్తం వంద. ఎనిమిదిమంది తలా పది అప్పు తీసుకుని అమ్మేశారు. అంటే ఎనభై బస్తాల బాకీ ఉంది. ఊళ్లోకి రోజూ కొత్తగా అమ్మకానికి వచ్చేవి పదే. అందరూ ఒకేసారి బాకీ తీర్చాలనుకుంటే, వేరే ఎవ్వరూ ఒక్క బస్తా కూడా కొనకుండా ఉంటే ఎనిమిది రోజులు పడుతుంది.

తుఫాను కబురు రాగానే మొదటివాడు భయపడి కొన్నాడు. ఆ కొనుగోలుకి ధర 1,800 అయింది. అది చూసి రెండోవాడికి చెమట పట్టింది, కొన్నాడు. 1,950. మూడోవాడికి అప్పిచ్చిన రైతు వచ్చి "నా బస్తాలు నాకు కావాలయ్యా, నేనే అమ్ముకుంటా" అన్నాడు. వాడు కూడా పరుగెత్తాడు. 2,200. ఇక్కడ ఎవరికీ వడ్లు తినడానికి అక్కర్లేదు. ధర ఎక్కువని అందరికీ తెలుసు. అయినా కొంటున్నారు, ఎందుకంటే కొనక తప్పదు. ఒక్కొక్కడి కొనుగోలు పక్కవాడి నష్టాన్ని పెంచి, వాణ్ని కూడా కొనేలా చేస్తోంది. షార్ట్ స్క్వీజ్ అంటే ఇదే.

కాబట్టి స్క్వీజ్‌కి నిప్పురవ్వ ఏదైనా కావచ్చు. మంచి వార్త, పుకారు, తుఫాను. కానీ మంటకి కట్టెలు మాత్రం ముందే పేర్చి ఉండాలి. ఆ కట్టెలే ఒకేవైపు గుమిగూడిన షార్ట్‌లు. ఎంత గుమిగూడారో చూడటానికి రెండు కొలతలున్నాయి. మార్కెట్లో తిరిగే షేర్లలో ఎంత శాతం షార్ట్ అయ్యాయన్నది మొదటిది. మన ఊళ్లో అది 80 శాతం. అందరూ బయటపడటానికి ఎన్ని రోజుల వ్యాపారం కావాలన్నది రెండోది. మన ఊళ్లో అది ఎనిమిది రోజులు.

వాడు ఇక్కడ ఆపాడు. "బాబాయ్, అమెరికాలో ఏదో కంపెనీకి వంద శాతం కంటే ఎక్కువ షార్ట్ చేశారంట కదా. ఉన్నవాటికంటే ఎక్కువ ఎలా అమ్ముతారు?"

నువ్వు అప్పు తెచ్చి అమ్మిన బస్తాని ఒక మిల్లరు కొన్నాడనుకో. అది ఇప్పుడు ఆయన సొంతం. ఆయన దాన్ని ఇంకొకడికి అప్పిచ్చాడు. వాడు కూడా అమ్మేశాడు. బస్తా ఒకటే, బాకీదారులు ఇద్దరు. వంద బస్తాల ఊళ్లో నూట ఇరవై బస్తాల బాకీ ఉండటం మోసం కాదు, మాయా కాదు. కానీ అందరూ ఒకేసారి తీర్చాలంటే కొన్ని బస్తాలు రెండుసార్లు చేతులు మారాలి.

డాలస్ పక్కన జరిగిన కథ

వాడు విన్న ఆ అమెరికా కంపెనీ గేమ్‌స్టాప్. వీడియో గేమ్‌లు అమ్మే దుకాణాల గొలుసు. దాని ప్రధాన కార్యాలయం టెక్సస్‌లోని గ్రేప్‌వైన్‌లో. పక్కనే అర్వింగ్, కాస్త దూరంలో ప్లేనో, ఫ్రిస్కో. మన తెలుగువాళ్లు వేలల్లో ఉండే ఊళ్లు. మా పెద్దమ్మ కొడుకు కూడా అర్వింగ్‌లోనే ఉంటాడు. 2021 జనవరిలో వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సంక్రాంతి ముగ్గుల కంటే ఈ షేరు స్క్రీన్‌షాట్లే ఎక్కువ తిరిగాయని చెప్పాడు.

అందరూ గేమ్‌లు డౌన్‌లోడ్ చేసుకుంటున్న కాలంలో దుకాణాల్లో డిస్కులు అమ్మే కంపెనీకి భవిష్యత్తు లేదని పెద్ద పెద్ద ఫండ్లు అనుకున్నాయి. అనుకుని షార్ట్ చేశాయి. ఆ ఆలోచన తెలివితక్కువది కాదు. తేడా ఎక్కడొచ్చిందంటే, అందరికీ అదే ఆలోచన వచ్చింది. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ సిబ్బంది 2021 అక్టోబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ జనవరిలో షార్ట్‌లు మార్కెట్లో తిరిగే షేర్లలో దాదాపు 123 శాతానికి చేరాయి.

కట్టెలు సిద్ధం. నిప్పురవ్వ జనవరి 11న పడింది. ఆన్‌లైన్ వ్యాపారంలో పేరున్న రయాన్ కోహెన్ కంపెనీ బోర్డులోకి వస్తున్నాడన్న ప్రకటన అది. జనవరి 12న ముగింపు ధర 20 డాలర్లకు కాస్త తక్కువ. 13న 31. 22న 65. 26న 148. 27న 347. పదిహేను రోజుల్లో పదిహేడు రెట్లు. ఫోన్లలో ట్రేడింగ్ చేసే కుర్రాళ్లు, షార్ట్‌లు ఎంత ఇరుక్కున్నారో లెక్కలేసుకుని మరీ, కొని కదలకుండా కూర్చున్నారు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. అంత డబ్బున్న ఫండ్లు ఓపిక పట్టొచ్చు కదా? చివరికి ధర పడింది కదా? పడేదాకా ఆగితే సరిపోయేదేమో?

ఆగలేవు. ఎందుకో ఒక ఊహా లెక్కలో చూద్దాం. ఒక ఫండ్ దగ్గర 2 కోట్ల డాలర్లున్నాయి. 20 డాలర్ల షేరుని లక్ష షేర్లు షార్ట్ చేసింది. అంటే 20 లక్షలు, మొత్తంలో పదో వంతు. జాగ్రత్తగానే ఉన్నట్టు. ధర 40 అయింది. నష్టం 20 లక్షలు, ఫండ్ 1.8 కోట్లకు తగ్గింది. కానీ ఆ షార్ట్ విలువ 40 లక్షలకు పెరిగింది. ఇప్పుడది ఫండ్‌లో 22 శాతం. ధర 80 అయితే ఫండ్ 1.4 కోట్లు, షార్ట్ విలువ 80 లక్షలు. సగం కంటే ఎక్కువ!

కొన్న షేరు అయితే దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. 20కి కొన్నది 10 అయితే అది ఫండ్‌లో 5 శాతానికి కుదించుకుపోతుంది. తప్పుగా కొన్న షేరు తనంతట తనే చిన్నదవుతుంది. తప్పుగా షార్ట్ చేసినది తనంతట తనే పెద్దదై మీద కూర్చుంటుంది. బ్రోకరు ఇంకా మార్జిన్ పెట్టమంటాడు. షేర్లు అప్పిచ్చినవాడు రుసుము పెంచుతాడు, లేదా తిరిగిచ్చేయమంటాడు. కాబట్టి "చివరికి పడుతుంది" అన్న అంచనా సరైనదే అయినా, ఆ చివర దాకా నిలబడే అవకాశం వాళ్లకి ఉండదు.

మెల్విన్ క్యాపిటల్ అనే ఫండ్‌కి జరిగింది ఇదే. జనవరి 25న రెండు పెద్ద సంస్థలు దానికి 275 కోట్ల డాలర్లు సర్దాయి. అయినా ఆ ఫండ్ తన గేమ్‌స్టాప్ షార్ట్‌ని నష్టానికి మూసేసుకుంది. ఆ ఒక్క నెలలో ఫండ్ విలువలో 53 శాతం పోయింది. 2022 మేలో దుకాణం కట్టేస్తున్నట్టు ప్రకటించింది. గేమ్‌స్టాప్ మాత్రం ఇంకా ఉంది.

గెలిచారన్నవాళ్లు ఎక్కడ?

కథ ఇక్కడితో ఆపేస్తే కుర్రాళ్లు ఫండ్లని ఓడించిన సినిమాలా ఉంటుంది. రీల్స్‌లో ఇక్కడిదాకే చూపిస్తారు. మిగతాది చూద్దాం.

జనవరి 28. ఆ రోజు షేరు ఒక దశలో 483 డాలర్లకు తాకింది. అదే రోజు రాబిన్‌హుడ్ సహా కొన్ని బ్రోకర్ యాప్‌లు ఈ షేరు కొనడాన్ని ఆపేశాయి. అమ్మొచ్చు, కొనకూడదు. కుట్ర అని గోల లేచింది. అసలు కారణం మరీ పొడిగా ఉంటుంది. అప్పట్లో అక్కడ ట్రేడ్ అయిన రెండు రోజులకు గానీ డబ్బూ షేర్లూ చేతులు మారేవి కావు. ఆ రెండు రోజుల్లో ఎవరైనా చేతులెత్తేస్తే నష్టం రాకుండా క్లియరింగ్ సంస్థ బ్రోకర్ల దగ్గర డిపాజిట్ తీసుకుంటుంది. ధర పిచ్చిగా ఊగేకొద్దీ డిపాజిట్ పెరుగుతుంది. ఆ తెల్లవారుజామున రాబిన్‌హుడ్‌ని అడిగింది దాదాపు 300 కోట్ల డాలర్లు. తర్వాత తగ్గించారు కానీ, రాబిన్‌హుడ్ ఆ రోజు కొనుగోళ్లు ఆపేసింది. అంటే స్క్వీజ్‌ని నమ్ముకున్నవాడికి తన బ్రోకరు కూడా ఒక రిస్కే. కొనేవాళ్ల వరుస ఉన్నట్టుండి ఆగిపోవచ్చు.

ఆ రోజు ముగింపు 194 దగ్గర. మర్నాడు 325కి లేచింది. ఫిబ్రవరి 2కి 90. ఫిబ్రవరి మూడోవారం అయ్యేసరికి 40 చుట్టుపక్కల. 27న ముగింపు ధర 347కి కొన్నవాడు నెల తిరగకుండా నూటికి 88 పోగొట్టుకున్నాడు. మా పెద్దమ్మ కొడుకు పది షేర్లు 300 పైన కొన్నాడు. "కవర్ చేసేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్లు నా దగ్గరే కొనాలి" అన్నది వాడి నమ్మకం. వాడు 52కి అమ్మాడు. కొన్నది ఎవరో వాడికి తెలియదు. ఇరుక్కున్న ఫండ్ మాత్రం కాకపోవచ్చు, ఎందుకంటే అప్పటికి షార్ట్‌లలో చాలా భాగం తగ్గిపోయాయి.

ఎస్ఈసీ సిబ్బంది నివేదికలో నాకు అన్నిటికంటే విలువైన మాట ఇదే. షార్ట్‌లు కవర్ చేయడానికి కొన్న షేర్లు మొత్తం కొనుగోళ్లలో కొంత భాగమే. అవి ధరని పెంచాయి నిజమే. కానీ వారాల తరబడి ధర పైన నిలబడింది ఆ కవరింగ్ వల్ల కాదు, ఆ షేరు మీద ఆశతో కొన్న మామూలు జనం వల్ల. ఇంకోలా చెప్పాలంటే, స్క్వీజ్ అనుకుని కొన్నవాళ్లలో చాలామంది ఇరుక్కున్న ఫండ్లకి కాదు, తమలాంటి వాళ్లకే ఒకరికొకరు అమ్ముకున్నారు.

కొనక తప్పనివాడి కొనుగోలుకి ఒక హద్దుంది. పది బస్తాల బాకీ ఉన్నవాడు పది కొనగానే అంగడి వదిలి వెళ్లిపోతాడు. మళ్లీ రాడు. అందరి బాకీలూ తీరిన రోజు ఆ ధరకి కొనే అవసరం ఉన్నవాడు ఊళ్లో ఒక్కడూ మిగలడు. బస్తా 2,200 పెట్టి కొని దాచుకున్నవాడు మాత్రం మిగులుతాడు. షార్ట్ చేసినవాడికి బయటికి దారి దొరక్కపోవడం రిస్క్. కొన్నవాడికి కూడా అదే రిస్క్, కాకపోతే రెండు వారాలు ఆలస్యంగా వస్తుంది.

మరి మన దగ్గర?

"అయితే బాబాయ్, మన మార్కెట్లో కూడా షార్ట్‌లు ఎక్కడ గుమిగూడారో చూసి కొంటే సరిపోతుందిగా?" అన్నాడు మనవాడు. అప్పటికి ఏడుపు ముఖం పోయి కళ్లు మెరుస్తున్నాయి. అదే నాకు భయం వేసింది.

అమెరికాలో లాగా ఒక్కో షేరులో ఎంత శాతం షార్ట్ ఉందన్న అంకె ఇక్కడ అంత తేలిగ్గా చదవలేం. మన దగ్గర అప్పు ఏర్పాటు లేని షేరుని అమ్మి రాత్రి దాటించడం నిషేధం. రాత్రి దాటి షార్ట్ ఉంచాలంటే షేర్లు అప్పు తీసుకునే ఎస్ఎల్‌బీ పద్ధతి ఉంది. 2008లోనే వచ్చింది కానీ అక్కడ వ్యాపారం తక్కువ. అందుకే అలాంటి పందేలు ఎక్కువగా ఫ్యూచర్స్‌లో, ఆప్షన్స్‌లో పెడతారు. అక్కడ కనబడే అంకె ఓపెన్ ఇంటరెస్ట్. యూట్యూబ్‌లో చాలామంది దాన్నే షార్ట్‌ల లెక్కగా చెప్పేస్తారు. కాదు. ఫ్యూచర్స్‌లో అమ్మిన ప్రతివాడికీ ఎదురుగా కొన్నవాడు ఒకడుంటాడు. ఓపెన్ ఇంటరెస్ట్ పెరిగిందంటే జనం పెరిగారనే అర్థం. ఏ వైపు వాళ్లు ముందు భయపడతారో అది చెప్పదు.

అది మరీ పెరిగి, మార్కెట్ మొత్తానికి పెట్టిన హద్దులో 95 శాతం దాటితే ఆ షేరు బ్యాన్ పీరియడ్‌లోకి పోతుంది. అప్పుడు ఉన్న పొజిషన్లు తగ్గించుకోవాలే తప్ప కొత్తవి పెంచకూడదు. ఇంకొకటి, 2019 అక్టోబరు నుంచి షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్ అన్నిటికీ గడువు రోజున డబ్బు తేడా కాదు, నిజంగా షేర్లే ఇచ్చిపుచ్చుకోవాలి. ఫ్యూచర్ అమ్మి గడువు దాకా ఉంచినవాడు షేర్లు తెచ్చివ్వాలి. లేకపోతే వాడు కూడా మా కుర్రాడిలాగే ఆక్షన్ గుమ్మం ముందు నిలబడాలి.

చిన్న మదుపరికి మన దగ్గర స్క్వీజ్ ఎదురయ్యే తీరు గేమ్‌స్టాప్‌లా ఉండదు. మా కుర్రాడికి ఎదురైనట్టే ఉంటుంది. తక్కువ షేర్లు తిరిగే చిన్న కంపెనీ. పొద్దున్నే ఎగిరిన ధర. "పడుతుంది" అని వందలమంది ఇంట్రాడే షార్ట్‌లు. వాళ్లందరూ మూడుంబావు లోపల కొనే తీరాలి. గడియారం చూసుకుంటూ అందరూ ఒకే గుమ్మం వైపు వెళ్తారు. అది సర్క్యూట్ దగ్గర మూసుకుపోతుంది.

సెబీ 2024 జూలైలో ఒక అధ్యయనం బయటపెట్టింది. 2022-23లో క్యాష్ మార్కెట్లో ఇంట్రాడే చేసినవాళ్లలో పదిమందికి ఏడుగురు నష్టపోయారు. ముప్పై ఏళ్ల లోపు వాళ్లలో అయితే నూటికి 76 మంది. వీళ్లందరూ షార్ట్ చేసి నష్టపోయారని కాదు. కానీ సాయంత్రంలోగా బయటపడాలన్న గడువు నెత్తిన ఉన్నవాళ్లు ఎలా తేలారో అది చెబుతుంది.

వాడికి నేను చూపించినవి మూడే. షార్ట్ కొట్టేముందు ఆ షేరు అప్పర్ సర్క్యూట్ ఎంత దూరంలో ఉందో చూడు. 108 నుంచి 120కి పన్నెండు రూపాయలే ఉంది, అంటే తలుపుకి అంత దగ్గర్లో నువ్వు నిలబడ్డావు. రెండోది, రోజుకి ఎన్ని షేర్లు చేతులు మారతాయో చూడు. మామూలు రోజున వేలల్లో తిరిగే షేరు ఆ రోజు లక్షల్లో తిరుగుతుంటే నీలాంటివాళ్లు లోపల చాలామంది ఉన్నట్టే. మూడోది, స్టాప్‌లాస్ పెట్టాను కదా అని నిద్రపోకు. స్టాప్‌లాస్ అంటే ఒక ధర దగ్గర కొనమని చెప్పే ఆర్డరు, అంతే. ఎదురుగా అమ్మేవాడు లేకపోతే అది కూడా క్యూలో నిలబడుతుంది.

"నేను 112 దగ్గర స్టాప్‌లాస్ పెట్టాను బాబాయ్" అన్నాడు మెల్లగా. "మధ్యలో తీసేశాను. మళ్లీ పడుతుందేమోనని."

ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇంత సేపు బస్తాలు మోసేవాణ్ణి కాదు. 112 దగ్గర బయటికి తలుపు ఇంకా తెరిచే ఉంది. 4 రూపాయలు చొప్పున 1,600 నష్టంతో వచ్చేసేవాడు.

ఫీజు గడువు ఇంకో ఇరవై రోజులుంది. మర్నాడు సాయంత్రం వాడూ నేనూ కలిసి వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లాం. ఆయన కౌలు రైతు. కొడుకు చెప్పిందంతా విని ఒక్కటే అడిగారు, "లేని సరుకు అమ్మావా?" అని. వాడు తలొంచుకున్నాడు. ఆయన కాసేపు ఆగి, "ఎంత కట్టాలో చెప్పు, ముందు ఆ బాకీ తీర్చెయ్" అన్నారు. షార్ట్ కవర్ చేయమని ఇంత తేలిక తెలుగులో చెప్పడం నాకింకా రాలేదు.